చదరం 7-114కు పన్నెండు నిమిషాలు

అరవై మూడో రాగిపలక మీద పేరు ఒక నూలుపోగంత ఎడమకు జరిగిందని సుగుణ దాన్ని తిప్పి పంపింది. చెక్కేవాడు ఫోన్లో గొణిగాడు. ఎవరు చూస్తారు మేడం, కొలబద్ద పెట్టి కొలుస్తారా అన్నాడు. కొలుస్తారని సుగుణకు తెలుసు. రెండేళ్ల క్రితం ఒకాయన పలక పక్కవాడి పలకకంటే అర అంగుళం చిన్నదని తేలింది. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్లకుండా బీరువాలోనే పడేసి పోయాడు. పలక ఇంకా అక్కడే ఉంది.

నీలధార సంస్థలో పదేళ్లు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ ఒకటే కానుక: పన్నెండు నిమిషాల వాన. పొడవూ వెడల్పూ వంద మీటర్లున్న ఒక చదరం మీద, సాయంత్రం నాలుగింటికి, లక్షా ఇరవై వేల లీటర్లు. డైరెక్టరుకైనా, డ్రోన్లు తుడిచేవాడికైనా చుక్క తేడా ఉండదు. పలక మీద వాక్యం కూడా అందరికీ ఒకటే. "పదేళ్లు మీరు మాకోసం వాన పట్టారు. ఇది మీ వాన." మారేది చోటు ఒక్కటే. ఆ చోటు ఎవరికి వాళ్లు చోటుపట్టీలో రాసివ్వాలి.

జిల్లాలో వాన ఊరికే పడడం మానేసి ముప్పై ఏళ్లయింది. పడమటి నుంచి వచ్చే ప్రతి మబ్బునూ నీలధార డ్రోన్లతో పట్టుకుని, చదరం చదరానికీ వంతు వేసి దించుతుంది. వంతు లేనిచోట పడిన నీళ్లను బిందెలో పట్టుకోవడం కూడా నేరమే. అలాంటి లోకంలో పన్నెండు నిమిషాలంటే మాటలు కాదు. బాషా వాళ్ల నాన్న సమాధి మీద పోయించుకున్నాడు. కుళ్లాయప్ప తను చదివిన బడి ముందు పోయించుకుని, పిల్లలు బురదలో దొర్లుతుంటే వీడియో తీసి అందరికీ చూపించాడు. క్యాంటీను పెద్ద రామాంజులైతే భార్యను మొదటిసారి చూసిన బస్టాపు కావాలన్నాడు. చోటుపట్టీలో బస్టాపుకు గడి లేదు. ఎదురుగా ఆయన చదివిన బడి ఉందని సుగుణ 'చదివిన బడి' కింద రాసి గట్టెక్కించింది. అలాంటి చిన్న చిన్న దొంగతనాలు ఆమెకు అలవాటే. కానుకల బల్ల మీద ఎనిమిదేళ్లు కూర్చున్న మనిషికి ఆ మాత్రం రాకపోతే ఎలా?

ఇవాళ మంగళవారం. అరవై మూడో పలక హనుమక్కది, శుక్రవారం ఆమెకు పదేళ్లు నిండుతాయి. చోటు రాసివ్వమని ఆరునెలల క్రితమే కబురు వెళ్లింది. నెలకోసారి గుర్తుచేశారు. గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఇవాళ ఐదు దాటితే కానుకల లెక్క చూసే యంత్రం, సమతూక, తనంతట తనే ఒక చోటు ఎంచుతుంది. అప్పుడే తెర మీద సూచన కూడా పెట్టేసింది: 'సిబ్బంది కాలనీ, సి-40, ఇంటి కప్పు. గత కానుకలతో పొంతన: నూటికి తొంభై ఎనిమిది.'

ఇంటి కప్పు మీద వాన. ఒళ్లు మండిపోయింది సుగుణకు. పొంతన ఉంటే సరిపోతుందా? పదేళ్లు మళ్లింపు గదిలో వేలితో మబ్బులను చదరాలకు నడుపుతూ, వాటి అంచు పట్టుకుని కూర్చున్న మనిషికి, ఆమె ఎవరో కూడా తెలియని కానుక ఇస్తే అది ఇవ్వకపోవడం కంటే హీనం. అందరికీ ఒకటే అన్నమాట ఎంత ముఖ్యమో, ఇది నాదే అనిపించడం అంతే ముఖ్యం. ఈ రెండిటి మధ్య తాడు మీద నడవడమే తన ఉద్యోగం. ఫైలు మూసి ఆమె క్యాంటీనుకు బయలుదేరింది.

హనుమక్క కిటికీ పక్కన కూర్చుని సంగటి ముద్దలో వేలితో గుంట చేస్తోంది. నలభై రెండేళ్లుంటాయి. చూపుడువేలి కొస మళ్లింపు పలక మీద రాసి రాసి నున్నగా, ముద్ర లేకుండా అయిపోయింది.

"అక్కా, ఐదింటిదాకే టైముంది," అంది సుగుణ ఎదురుగా కూర్చుంటూ.

"తెలుసులే. తిన్నావా?"

"తింటాలే. అమ్మగారి ఊరు రాయకూడదా?"

"మా ఊరికి ఏం తక్కువ? పట్నం పక్కన ఉండాది, వంతు పెద్దది. వానకు మురుగు పొంగుతాందని తిట్టుకుంటాండారు."

"మెట్టినిల్లు?"

"ఆ ఇల్లు అమ్మేసినారు. కొన్న ఆయప్ప మీద నేనెందుకు పోయల్ల వాన?"

"మరి నీకు ఎక్కడ కావాలి?"

హనుమక్క ముద్ద మింగి నీళ్లు తాగింది.

"నేను చెప్తే నీ పట్టీలో పట్టదు సుగుణా. ఏడు బార్ నూటా పద్నాలుగు."

చదరం సంఖ్య వినగానే ఏ ఊరో సుగుణకు తట్టలేదు. మళ్లింపు గదిలో వాళ్లకు ఊళ్లన్నీ అంకెలే.

"కొండచేనుపల్లె," అంది హనుమక్క. "నలభై గడప. నాకు ఆడ చుట్టాలు లేరు, పక్కాలు లేరు. నేనెప్పుడూ కాలు పెట్టలేదు. ఒగసారి ఆ దారిన బస్సులో పోయినా. బస్సు ఆగింది గానీ, దిగల్లంటే కాళ్లు రాలేదు."

"ఎందుకు?"

"ఏడేండ్ల కిందట ఆగస్టు నెలలో, పదకొండో తేదీ. శేషశయనం సారు పదేళ్ల వాన పోసింది నేనే. ఆయప్ప మామిడితోట మీద. పన్నెండు నిమిషాలు అయిపోయినాక చెయ్యి ఎత్తబోతే వెనకనించి మాట వచ్చింది. ఇంకొంచెం ఉండనీ హనుమక్కా, మిషను ఎట్ల పనిచేస్తాందో చూస్తాండాము అని. ఎనిమిది నిమిషాలు పట్టుకున్న్యా. చిన్న మబ్బు. తరవాత వంతు ఏడు బార్ నూటా పద్నాలుగుది. ఆడికి చేరేతలికి మబ్బులో ఏమీ లేదు, ఒట్టి పొగ."

ఆమె గొంతు పెంచలేదు. పక్క బల్ల మీద వాళ్లు వినకూడదని కాదు, ఈ మాట ఇన్నేళ్లుగా లోపల లోపల చెప్పుకుని అరిగిపోయినట్టుంది.

"శెనక్కాయ ఊడలు దిగే టైము అది. ఆ వారంలో నేల మెత్తబడకపోతే ఊడ లోపలికి పోదు, పైన్నే ఎండిపోతాది. ఆ వంతు పోతే మళ్లా పద్దెనిమిది దినాలకు గానీ లేదు. ఆ సంవత్సరం ఆ ఊరి దిగుబడి అంకె నేను చూసినా. సున్న అని ఉండె."

"నీ తప్పు కాదు గదక్కా. పైనుంచి చెప్పారు."

"చెప్పినోళ్లు చెప్పినారు. వేలు ఎవురిది?"

హనుమక్క చేతులు కడుక్కుని వచ్చి, "నా పేరు మీద పన్నెండు నిమిషాలు ఉండాయి గదా. అవి ఆడ పోస్తే నేను పలక తీసుకుంటా. లేదంటే పలకా వద్దు, వానా వద్దు. మా కప్పు మీద పోస్తే మాత్రం నేను ఆ పొద్దు ఊర్లోనే ఉండను," అని మళ్లింపు గదికి వెళ్లిపోయింది.

బల్ల దగ్గరికి వచ్చి సుగుణ మొదట చేసిన పని పాత కానుకల చిట్టా తెరవడం. ముప్పై ఒకటో కానుక: శేషశయనం, సొంత పొలం, పన్నెండు నిమిషాలు. అంతా సవ్యంగా ఉంది. అదే తేదీ కింద వేరే విభాగంలో ఇంకో కాగితం దొరికింది: 'పరికర పరీక్ష, ఎనిమిది నిమిషాలు, అదే చదరం.' కింద ధ్రువీకరించిన వాళ్ల సంతకం ఉంది. వంకరటింకరగా, కొత్తగా సంతకం నేర్చుకున్నట్టు ఉంది. అది ఆమెదే.

అప్పటికి ఆమె ఈ బల్ల మీదకు వచ్చి నిండా ఏడాది కాలేదు. మామూలు కాగితమేనమ్మా, పెట్టేయ్ అన్నారు, పెట్టేసింది. తర్వాత ఏడేళ్లూ అందరికీ ఒకటే, చుక్క తేడా లేదు అని ప్రతి పలక ఇచ్చేటప్పుడూ చెప్పుకుంటూ వచ్చింది. మళ్లింపు గదిలో వాళ్లు ఆ మాట విని తలలు ఊపేవాళ్లు. వాళ్లంతా తెలిసే ఊపారన్నమాట. బీరువాలో పలక పడేసి పోయినాయనకు అర అంగుళం మీద కోపం కాదేమో.

చోటుపట్టీ తెరిచింది. 'ఈ చోటుతో మీ సంబంధం' అన్నచోట ఆరు గడులు: పుట్టినిల్లు, మెట్టినిల్లు, చదివిన బడి, సొంత పొలం, సమాధి, ప్రార్థనాస్థలం. కొండచేనుపల్లె దేనిలోనూ ఇమడదు. బస్టాపులా పక్కనుంచి దూర్చడానికి అక్కడ హనుమక్కకు బడీ లేదు, గుడీ లేదు. దూర్చగలిగినా ఆమె ఒప్పుకోదు. అబద్ధం మీద ఇంకో అబద్ధం పోస్తే అది వాన అవుతుందా?

కొత్త గడి చేర్చే హక్కు కానుకల బల్లకు ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారే వాడారు. మొదట్లో 'గుడి' అని మాత్రమే ఉండేది. ఒకరు మసీదు అడిగితే దాన్ని 'ప్రార్థనాస్థలం' చేశారు. ఆ తర్వాత సుగుణ వాళ్ల పెద్దమ్మ కొడుకు చర్చి మీద పోయించుకున్నాడు. ఒకరికి తెరిచిన తలుపు అందరికీ తెరిచినట్టేనని అప్పుడే నియమం రాశారు.

ఆమె ఏడో గడిలో మెల్లగా టైపు చేసింది: 'నా చేతుల మీదుగా వాన పోగొట్టుకున్న చోటు.'

తెర మీద సమతూక జవాబు వచ్చింది.

'గత అరవై రెండు కానుకల్లో ఈ సంబంధం లేదు. పొంతన లెక్కకు రాదు. ఒకరికి అనుమతిస్తే ఇకమీదట అందరికీ అనుమతించినట్టే. రుజువు జతచేయాలి.'

రుజువు. పరికర పరీక్ష కాగితం జతచేయడమంటే తన సంతకాన్ని తనే బజారులో పెట్టుకోవడం. ఉద్యోగం పోతే చెల్లెలి చదువు మధ్యలో ఆగిపోతుంది. అదంతా ఆమెకు ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగింది. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. కాగితం జతచేసి 'అనుమతి' నొక్కింది.

ఐదు నిమిషాలు గడవకముందే శేషశయనం గారి గదిలోంచి పిలుపు వచ్చింది. ఆయన ఇప్పుడు మళ్లింపు విభాగం డైరెక్టరు. మనిషి మర్యాదస్తుడు. ఎవరినీ నిలబెట్టి మాట్లాడడు.

"కూర్చోండి సుగుణ గారూ. ఏమిటిది, ఏడో గడి?"

"హనుమక్క కోరిన చోటు సార్. ఆరింటిలో పట్టలేదు."

"కానుకంటే సంతోషపెట్టాలి. ఇది కానుకలా లేదు, నేరం ఒప్పుకున్నట్టుంది. రేపు నలుగురూ ఇదే రాస్తే? మళ్లింపు గదిలో రెండొందల మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఇలాంటి చదరాలు ఎన్నుంటాయో తెలుసా మీకు?"

"తెలియదు సార్. మీకు తెలిసే ఉండాలి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ ఎనిమిది నిమిషాలు నేను అడగలేదు. మా నాన్న ఆ తోటలో నిలబడి తడుస్తున్నాడు. ఎనభై ఏళ్ల మనిషి, చేతులు చాపి. ఆపబుద్ధి కాలేదు వాళ్లకు. నేనూ వద్దనలేదు. అంతే జరిగింది."

ఆ మాట నిజమేనని సుగుణకు అనిపించింది. అందుకే ఇంకా బాధేసింది. ఆయన చెడ్డవాడై ఉంటే ఎంత తేలికగా ఉండేది.

"ఆ గడి తీసేయండి. ఆవిడకు ఇంకేదైనా చేద్దాం. కావాలంటే ఇరవై నిమిషాలు ఇద్దాం, ఇంటి మీద."

"తీసేయొచ్చు సార్. కాని నియమం రెండువైపులా కోస్తుంది. ఇచ్చిన అనుమతిని ఒకరి దగ్గర వెనక్కి తీసుకుంటే పాత కానుకలన్నీ మళ్లీ సరిచూడాలి. అరవై రెండూ. అందులో ముప్పై ఒకటోది కూడా వస్తుంది. సరిచూసి కింద సంతకం చేయాల్సింది నేనే. ఈసారి చదవకుండా పెట్టను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి, "శుక్రవారం దాకా కానివ్వండి. తర్వాత మీ సంగతి చూద్దాం," అన్నాడు. అది బెదిరింపో, అలసటో తెలియలేదు.

శుక్రవారం నాలుగుకు పావుగంట ముందు షిఫ్టు దిగే వాళ్లూ ఎక్కే వాళ్లూ మళ్లింపు గదిలో గుమిగూడారు. ఎప్పటి పద్ధతే. పలక ఇచ్చేది పై అధికారి కాదు, రోజూ పక్కన కూర్చుని పనిచేయించే షిఫ్టు పెద్ద. రెండు నిమిషాలు మాట్లాడాలి, కాగితం చూడకూడదు. ఆమె షిఫ్టు పెద్ద కుళ్లాయప్ప, మూడో ఏడు గాలివాన పూట హనుమక్క పదహారు గంటలు లేవకుండా కూర్చున్న సంగతి చెప్పాడు. ఆ తర్వాత మాట తడబడి పలక చేతిలో పెట్టేశాడు. ఈసారి పేరు సరిగ్గా మధ్యలో ఉంది.

కానుక పొందేవాళ్లు తమ వానను తామే దించకూడదు. అది కూడా అందరికీ ఒకటే. మళ్లింపు పలక ముందు బాషా కూర్చున్నాడు. హనుమక్క అతని వెనక, చేతులు కట్టుకుని నిలబడింది. తెర మీద 7-114 చదరం అంచులు వెలిగాయి. సరిగ్గా నాలుగింటికి బాషా వేలు ఆనించాడు. డ్రోన్ల కింద మబ్బు నల్లబడి, చదరం నీలంగా మారింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నాలుగో నిమిషంలో ఫోన్ మోగింది. కాలపట్టికలో లేని వాన పడితే ఫిర్యాదు నేరుగా మళ్లింపు గదికే వస్తుంది. కుళ్లాయప్ప స్పీకరు నొక్కాడు.

"అయ్యా, కొండచేనుపల్లె నించి మాట్లాడతాండా," అంది ఒక ఆడగొంతు. వెనక రేకుల మీద వాన మోత. "మాకు ఈ పొద్దు వంతు లేదు. మీకేదో పొరబాటైనట్టుండాది. మేము బిందెలు పెట్టలేదు సార్, ఒక్క చెంబు గూడా పట్టలేదు. పిల్లోళ్లను గూడా లోపలే పెట్టినాము. మళ్లా మా మీద కేసు రాయొద్దండి."

కుళ్లాయప్ప హనుమక్క వైపు చూశాడు. ఆమె ముందుకు వచ్చి ఫోన్ అందుకుంది.

"పొరబాటు ఇప్పుడు గాదమ్మా," అంది. "ఏడేండ్ల కిందట అయ్యింది. బిందెలు పెట్టుకోండి. పిల్లోళ్లను వదలండి. ఈ నీళ్లు మీవే. ఎవురూ ఏమీ రాయరు."

"మీరెవురమ్మా?"

"ఈడ పనిచేస్తాన్న్యా," అని ఆమె ఫోన్ పెట్టేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. సుగుణ ఆమె దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం జ్వరం వచ్చినట్టు వేడిగా ఉంది.

పన్నెండో నిమిషం దగ్గర పడింది. బాషా వేలు ఎత్తలేదు. తల తిప్పకుండానే, "అక్కా, ఇంకో ఎనిమిది నిమిషాలు పట్టుకుంటా. ఎవడేమంటాడో చూస్తాం," అన్నాడు. వెనక నుంచి ఒకరిద్దరు ఊఁ అన్నారు. నిజానికి అందరి మనసులోనూ అదే ఉంది. సుగుణ మనసులో కూడా.

హనుమక్క తెర మీదకు వంగింది. మబ్బు ఎడమ అంచున తర్వాతి చదరం సన్నగా వెలుగుతోంది, 7-115.

"వద్దు బాషా. ఆ పక్కది ఎవురి వంతో చూడు. చెయ్యెత్తు."

అతను చెయ్యెత్తాడు. మబ్బు ఇంకా బరువుగానే పక్క చదరానికి జరిగింది.

అందరూ నెమ్మదిగా చెదిరిపోయారు. సుగుణ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఐదున్నరయింది. ఉద్యోగం గురించిన ఉత్తరం ఏదైనా వచ్చి ఉంటుందని భయపడుతూ తెర తెరిచింది. ఉత్తరం లేదు. సమతూక ఎర్రటి గీత గీసి పెట్టింది: 'మార్పు విజ్ఞప్తులు: పదకొండు. సంబంధం: ఏడో గడి.' ఈ ఏడాది పదేళ్లు నిండబోయేవాళ్లు పదకొండు మందే. పుట్టినిళ్లూ, బళ్లూ, సమాధులూ కొట్టేసి, ప్రతి ఒక్కరూ ఒక అంకె రాశారు. ఎవరికీ చదరాల సంఖ్యను వెతుక్కోవాల్సిన అవసరం పడినట్టు లేదు. కింద ఇంకో గీత ఉంది: 'కానుక ఇదివరకే పొందినవారు, మళ్లీ తెరవమని కోరినవి: ఇరవై ఆరు.' ఆమె చూస్తుండగానే అది ఇరవై ఏడయింది.

'ఈ విజ్ఞప్తులు నియమానుసారం ఉన్నాయి,' అని రాసింది సమతూక. 'నిరాకరించడానికి కారణం దొరకలేదు. అన్నీ నెరవేర్చితే వంతుల కాలపట్టిక నిలబడదు. సూచన ఇవ్వగలరా?'

ఎనిమిదేళ్లలో అది ఆమెను ఒక ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. సుగుణ జవాబు రాయలేదు. తన సొంత చోటుపట్టీ తెరిచింది. తనకు పదేళ్లు నిండడానికి ఇంకా రెండేళ్లుంది. గడి అప్పుడే నింపకూడదని ఎక్కడా లేదు. సంబంధం దగ్గర ఏడోది ఎంచుకుని, 7-114 అని రాసింది. రుజువు అడిగితే ఆ వంకర సంతకాన్నే మళ్లీ జతచేసింది.